ఛైర్మన్ లేఖ తెలుగులో బిగుసుకుపోకుండా రాయడం ఎలా

జూన్ నెల వచ్చిందంటే చెన్నైలో నాలాంటి అనువాదకులకు ఒకటే రకం ఫోన్లు. “లేఖ తెలుగు చేశామండీ, తప్పులేమీ లేవు. కానీ చదివితే కోర్టు నోటీసులా ఉంది. ఏం చేయమంటారు?” ఆఫీసు ఇక్కడ, ఫ్యాక్టరీ అంబత్తూరులోనో శ్రీపెరంబుదూరులోనో, వాటాదారులేమో నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు. అలాంటి కంపెనీలు వార్షిక నివేదికలో కనీసం ఛైర్మన్ లేఖనైనా తెలుగులో ఇస్తుంటాయి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పిందే మళ్లీ చెప్పే బదులు, ఇంగ్లీషు లేఖను తెలుగులోకి తెచ్చే పని వరసను ఇక్కడ రాస్తున్నాను.

ఒక విషయం ముందే తేల్చుకోవాలి. నివేదికలో బోర్డు రిపోర్టు ఉంటుంది, ఆడిటర్ రిపోర్టు ఉంటుంది. వాటిలో ఏమేం ఉండాలో చట్టం చెబుతుంది, అక్కడ మనకు కదిలే చోటు తక్కువ. ఛైర్మన్ లేఖ మాత్రం చట్టం అడిగేది కాదు, ఆయన ఇష్టపడి రాసేది. అందుకే వాక్యాన్ని విరిచే, కలిపే స్వేచ్ఛ ఇక్కడ ఉంటుంది. అర్థాన్ని పెంచే స్వేచ్ఛ మాత్రం లేదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలియకే చాలామంది భయపడి మాటకు మాట పెట్టేస్తారు, లేఖ బిగుసుకుపోతుంది.

ఉదాహరణకు నేను ఒక పంపుల కంపెనీని ఊహించుకున్నాను. అంకెలన్నీ నేను అల్లినవే. కిందటేడు అమ్మకాలు రూ. 412 కోట్లు, లాభం రూ. 31 కోట్లు. ఈ ఏడాది అమ్మకాలు రూ. 448 కోట్లు, లాభం రూ. 22 కోట్లు. అమ్మకం పెరిగింది, లాభం తగ్గింది. ఛైర్మన్ నచ్చజెప్పాల్సిన అవసరం ఎక్కువగా పడేది ఇలాంటి ఏడాదిలోనే, అనువాదం తేలిపోయేదీ ఇలాంటప్పుడే.

1. పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

లేఖ ఒక్కటే పంపి “రెండు పేజీలే కదా, రేపటికి ఇచ్చేయండి” అంటారు. ఒప్పుకోకండి. లేఖలో పైపైన చెప్పిన మాటకు అసలు అర్థం నివేదికలో వేరే చోట ఉంటుంది. ఇవి అడిగి తీసుకోండి:

- మొత్తం నివేదిక డ్రాఫ్టు, ముఖ్యంగా మేనేజ్‌మెంట్ డిస్కషన్ అండ్ అనాలిసిస్ అనే భాగం
- వార్షిక సమావేశం నోటీసు, అందులోని తీర్మానాల జాబితా
- కిందటేటి లేఖ, ఇంగ్లీషుదీ తెలుగుదీ
- ఛైర్మన్ మాట్లాడిన వీడియో ఏదైనా, తమిళంలో ఉన్నా సరే
- సందేహాలకు జవాబు ఇచ్చే ఒకే ఒక్క మనిషి పేరు, సాధారణంగా కంపెనీ సెక్రటరీ

వీడియో ఎందుకంటే, ఆయన చిన్న వాక్యాల మనిషా, మెల్లగా చుట్టి చెప్పే మనిషా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంగ్లీషు లేఖ చాలాసార్లు ఏజెన్సీ రాసిస్తుంది, అందులో ఆయన గొంతు ఉండకపోవచ్చు. 2020లో వీడియో ద్వారా వార్షిక సమావేశాలకు అనుమతి వచ్చాక ఇలాంటి రికార్డింగులు దొరకడం తేలికైంది.

గడువు సంగతి కూడా చూసుకోండి. మార్చితో ఏడాది ముగిసే కంపెనీ మామూలుగా సెప్టెంబర్ 30లోగా సమావేశం పెట్టాలి, నోటీసు కనీసం 21 రోజుల ముందు వెళ్లాలి. అంకెలు ఖరారు కాకముందే మీ దగ్గరికి లేఖ వస్తుంది. కాబట్టి అంకెలను వాక్యాల్లో వదిలేయకుండా పక్కన ఒక జాబితాగా కూడా రాసుకోండి. మారినప్పుడు జాబితా ప్రకారం మార్చడం తేలిక.

2. లేఖ ఏం అడుగుతోందో ఒక్క వాక్యంలో రాసుకోండి

ఒప్పించే లేఖ అంటే ఏదో ఒకటి అడిగే లేఖ. ఛైర్మన్ నేరుగా అడగడు, కానీ నోటీసులో తీర్మానాలు చూస్తే తెలుస్తుంది. డివిడెండ్ తగ్గిస్తున్నారా? కొత్త షేర్లు జారీ చేయబోతున్నారా? ఎవరినైనా మళ్లీ డైరెక్టరుగా తీసుకుంటున్నారా?

మన పంపుల కంపెనీలో డివిడెండ్ షేరుకు 3 రూపాయల నుంచి 2 రూపాయలకు దిగింది. అంటే లేఖ అడిగేది ఇది: “ఈసారి ఒక రూపాయి తక్కువ తీసుకోండి, మా మీద నమ్మకం ఉంచండి.” ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఇది అచ్చులో రాదు, కానీ ఏ వాక్యం మీద బరువు పడాలో ఇదే చెబుతుంది.

3. చదివే మనిషిని ఎంచుకోండి

అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 1998లో సరళమైన ఇంగ్లీషు రాయడం గురించి ఒక చేతిపుస్తకం వేసింది. దానికి ముందుమాట రాసిన వారెన్ బఫెట్, వార్షిక నివేదిక రాసేటప్పుడు తన అక్కచెల్లెళ్లతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటానని చెప్పాడు. తెలివైనవాళ్లే, కానీ అకౌంట్స్ వాళ్ల రంగం కాదు.

నాకు ఆ మనిషి కావలి దగ్గరుండే మా బాబాయి. బ్యాంకులో క్లర్కుగా రిటైరయ్యాడు, నాలుగైదు కంపెనీల్లో కొద్దికొద్ది షేర్లున్నాయి. మొదటిసారి నేను చేసిన లేఖ చదివి ఫోన్ చేశాడు. “ఏందమ్మా ఇది, లాభదాయకత ప్రభావితం అయిందంట. అంటే డబ్బులు పోయినయ్యా, రాలేదా?” ఆ రోజు నుంచి ప్రతి పేరా రాశాక బాబాయి ఏమడుగుతాడో అనుకుంటాను. మీకూ అలాంటి ఒక నిజమైన మనిషి ఉండాలి. “సామాన్య పాఠకుడు” అని ఎవరూ లేరు.

4. ‘వుయ్’ను మూడుగా విడదీయండి

నా లెక్కలో ఈ గైడ్ మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే, కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను.

ఇంగ్లీషులో ఒకే మాట. తెలుగులో ‘మనం’ అంటే వినేవాడు కలిసి ఉన్నాడు, ‘మేము’ అంటే లేడు. ఇంగ్లీషు లేఖ ఆ ఒక్క మాట చాటున హాయిగా నడిచిపోతుంది. తెలుగులో ప్రతిసారీ తేల్చుకోక తప్పదు. తేల్చుకోకుండా అంతటా ‘మేము’ పెట్టేస్తే లేఖ చల్లగా, దూరంగా వినిపిస్తుంది. అంతటా ‘మనం’ పెడితే ఇంకా పెద్ద ప్రమాదం ఉంది.

ఇంగ్లీషు కాపీ తీసుకుని మూడు రంగుల పెన్నులతో ప్రతి ‘వుయ్’, ‘అవర్’ కింద గీత గీయండి:

- అందరి సొత్తు, అందరి ఫలితం అయితే ‘మన’. మన కంపెనీ, మన అమ్మకాలు, మన ప్లాంటు.
- యాజమాన్యం తీసుకున్న నిర్ణయం, చేసిన పని, చేసిన పొరపాటు అయితే ‘మేము’.
- ఛైర్మన్ సొంత అభిప్రాయం, కృతజ్ఞత అయితే ‘నేను’. ఇంగ్లీషులో ‘వుయ్’ ఉన్నా ఒకటి రెండు చోట్ల అడిగి ‘నేను’ చేయించండి.

పొరపాటు చెప్పే చోట ‘మనం’ పడితే ఏమవుతుందో చూడండి. “కొత్త ప్లాంటుకు మనం తక్కువ గడువు పెట్టుకున్నాం.” చదివిన వాటాదారుడికి వెంటనే వచ్చే ప్రశ్న: నన్నెవరు అడిగారు? తప్పును పదిమందికి పంచుతున్నట్టు ఉంటుంది. తిరగేసి, “మేము రూ. 448 కోట్ల అమ్మకాలు సాధించాం” అంటే డబ్బా కొట్టుకున్నట్టు. “మన అమ్మకాలు రూ. 448 కోట్లకు చేరాయి” అంటే ఆ మాటే కలుపుగోలుగా మారుతుంది. మంచిని ‘మన’లో, చెడును ‘మేము’లో పెట్టమన్నమాట. ఇది నేను కనిపెట్టింది కాదు, ఊళ్లో పెద్దమనుషులు మాట్లాడే తీరే ఇది.

ఇక్కడొక మెలిక ఉంది. తెలుగులో క్రియ చివర చూసి కర్త ఎవరో చెప్పొచ్చు కదా అని మనం సర్వనామం వదిలేస్తుంటాం. కానీ ‘చేశాం’ అన్నది మేముకూ మనంకూ ఒకటే. మామూలు వాక్యాల్లో వదిలేయండి, సాఫీగా ఉంటుంది. బాధ్యత ఒప్పుకునే వాక్యంలో మాత్రం ‘మేము’ తప్పకుండా ఉండాలి.

‘యువర్ కంపెనీ’ అన్నది ఇంగ్లీషు లేఖల్లో ఆనవాయితీ. దాన్ని ‘మీ కంపెనీ’ అంటే తప్పు కాదు కానీ, ఛైర్మన్ బయటివాడిలా, కాంట్రాక్టరులా మాట్లాడుతున్నట్టు నాకు అనిపిస్తుంది. ‘మన కంపెనీ’ అనే రాస్తాను. కొందరు క్లయింట్లు ఒప్పుకోరు. అప్పుడు మొదటి పేరాలో ఒకసారి ‘మీ కంపెనీ’ అని, తర్వాత ‘మన’ అని సర్దుబాటు చేసుకుంటాం.

5. ‘బడింది’ దగ్గర ఆగండి

‘తీసుకోబడింది’, ‘ప్రారంభించబడింది’ వంటివి తీసేయాలని అందరికీ తెలుసు. తీసేసి ఏం పెట్టాలన్నదే ప్రశ్న. దారులు మూడు.

చేసింది ఎవరో తెలిస్తే పేరు పెట్టండి: “బోర్డు నిర్ణయించింది.” ఎవరూ ప్రత్యేకంగా చేయకపోతే తనంతట తాను జరిగే క్రియ వాడండి: “పని ఆలస్యమైంది”, “కుదరలేదు”. ఎవరో చేశారు కానీ ఇంగ్లీషు దాచింది అనుకుంటే, మీరు ఊహించి రాయకండి. సెక్రటరీని అడగండి.

ఈ మూడో రకంలోనే జనం జారిపడతారు. “పంపుల ధరలు పెంచబడ్డాయి” అన్నది బాగోలేదని “ధరలు పెరిగాయి” అని మార్చేస్తారు. వినసొంపుగానే ఉంది, కానీ అబద్ధం. బజారులో ధరలు వాటంతట అవే పెరిగినట్టు అర్థం వస్తుంది. పెంచింది కంపెనీ. “ధరలు పెంచాం” అనాలి, లేదా అలా అనడం క్లయింటుకు ఇష్టమేనా అని కనుక్కోవాలి. నేను పంపే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: “ఈ వాక్యంలో నిర్ణయం బోర్డుదా, యాజమాన్యానిదా? తెలుగులో ఎవరిదో చెప్పకపోతే దాటవేసినట్టు వినిపిస్తుంది.” ఇంత సూటిగా అడిగితే జవాబు వస్తుంది.

6. మాట ఎంత గట్టిగా ఇస్తున్నారో కొలవండి

ఇంగ్లీషు లేఖలో ‘విల్’, ‘ఇంటెండ్’, ‘ఎక్స్‌పెక్ట్’, ‘హోప్’, ‘మే’ అన్నవి లాయర్లు చూసి పెట్టిన మాటలు. లేఖ సాఫీగా రావాలన్న ఆత్రంలో వీటిని అటూ ఇటూ చేస్తే చిక్కు. నేను గోడకు అంటించుకున్న మెట్లు ఇవి, గట్టిది ముందు:

- విల్: చేస్తాం
- ఇంటెండ్: చేయాలనుకుంటున్నాం
- ఎక్స్‌పెక్ట్: అవుతుందని మా అంచనా
- హోప్, ఆప్టిమిస్టిక్: అవుతుందన్న ఆశ ఉంది
- మే: కావచ్చు

తెలుగులో ఉచ్చు ఎక్కడుందంటే, ‘అవుతుంది’, ‘ఇస్తాం’ అన్న రూపం ఒంటరిగా నిలబడితే మాట ఇచ్చినట్టే వినిపిస్తుంది. “వచ్చే ఏడాది లాభాలు మెరుగవుతాయి” అని అచ్చయితే బాబాయి దాన్ని హామీగానే తీసుకుంటాడు. ఇంకో ఉచ్చు, ఒప్పించాలని ‘తప్పకుండా’, ‘నిస్సందేహంగా’, ‘కచ్చితంగా’ తగిలించడం. ఇంగ్లీషులో లేని ధీమా తెలుగులో మొలుస్తుంది. ఈ మూడు మాటలూ మీ ఫైల్లో వెతికి చూడండి. ఇంగ్లీషులో లేకుండా మీరు చేర్చినవైతే వెంటనే తీసేయండి.

మరి జంకు కనిపించే వాక్యం ఒప్పించేదెలా? అంచనా అన్న మాట ఒకే ఒక్కసారి, వాక్యం చివర రావాలి. ఆ వెంటనే కారణం రావాలి. “లాభం శాతం కోలుకుంటుందని మా అంచనా. కొత్త ప్లాంటు ఇప్పుడు పూర్తిగా నడుస్తోంది.” ఇంగ్లీషులో కారణం రెండు పేరాల అవతల ఉంటే దగ్గరికి జరపండి. ఆ స్వేచ్ఛ మనకుంది.

డివిడెండ్ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. ఏడాది చివరి డివిడెండును బోర్డు సిఫార్సు చేస్తుంది, సమావేశంలో వాటాదారులు ఆమోదించాకే అది ఖరారు. “బోర్డు డివిడెండ్ ప్రకటించింది” అని పేపర్లలో చదివీ చదివీ మనకూ అదే వస్తుంది. లేఖలో ‘సిఫార్సు చేసింది’ అనే ఉండాలి. పైగా అది మంచి అవకాశం: “షేరుకు 2 రూపాయల చొప్పున ఇవ్వాలని బోర్డు సిఫార్సు చేసింది. దీనికి మీ ఆమోదం కోరుతున్నాం.” సరైన మాట వాడితే అడిగినట్టూ ఉంది, గౌరవించినట్టూ ఉంది.

7. ఒక పేరా మొదటి నుంచి చివరి దాకా

ఇంగ్లీషు పేరా మాటకు మాటగా తెలుగు చేస్తే ఇలా వస్తుంది. నాకు దిద్దడానికి వచ్చే డ్రాఫ్టులు దాదాపు ఇలాగే ఉంటాయి.

> సరుకుల ధరల ఎదురుగాలులతో కూడిన సవాళ్ల వాతావరణం ఉన్నప్పటికీ, మీ కంపెనీ 8.7 శాతం స్థితిస్థాపక ఆదాయ వృద్ధిని అందించింది. ముడిసరుకు వ్యయ ఒత్తిళ్లు మరియు నూతన కర్మాగారం ప్రారంభించబడుటలో జాప్యం కారణంగా లాభదాయకత ప్రభావితం చేయబడింది. వెనుదిరిగి చూసినప్పుడు, కాలపరిమితులు ప్రతిష్ఠాత్మకమైనవి. నిర్ణయాత్మక చర్యలు తీసుకోబడ్డాయి. రాబోయే సంవత్సరంలో మార్జిన్లు సాధారణీకరించబడతాయని మేము జాగ్రత్తతో కూడిన ఆశావాదంతో ఉన్నాము.

ముందు అర్థం తప్పిన చోటు చూద్దాం. ‘ఆంబిషస్’ను ‘ప్రతిష్ఠాత్మకం’ అనడం అలవాటైపోయింది. ఇక్కడ దాని అర్థం గొప్పదని కాదు, అందుకోలేనంత తక్కువ గడువు అని. ఛైర్మన్ తప్పు ఒప్పుకుంటున్న ఏకైక వాక్యం అది. తెలుగులో అదే గొప్ప చెప్పుకునే వాక్యమై కూర్చుంది! లేఖ మొత్తానికి నమ్మకం తెచ్చే మాట అక్కడే పోయింది.

తర్వాత ‘ఎదురుగాలులు’, ‘వాతావరణం’. పోలిక తీసేసి, గాలి అంటే ఏమిటో కనుక్కోండి. మేనేజ్‌మెంట్ డిస్కషన్ భాగం తెరిస్తే మన ఉదాహరణలో రాగి, ఉక్కు ధరలని ఉంది. ‘నిర్ణయాత్మక చర్యలు’ ఏమిటో కూడా అక్కడే ఉంది: ఇకపై రాగిని మూడు నెలలకు ధర ఖాయం చేసుకుని కొంటున్నారు. అక్టోబరులో మొదలవ్వాల్సిన ప్లాంటు ఫిబ్రవరిలో మొదలైంది.

మొదటి ప్రయత్నంలో నేను “ధరలు ఇబ్బంది పెట్టినా పంపులు కొనే రైతులు మనల్ని వదల్లేదు” అని రాశాను. బాగుందని మురిసిపోయి, మర్నాడు కొట్టేశాను. అమ్మకాలు పెరిగింది ఎక్కువ పంపులు అమ్మడం వల్లో, ధర పెంచడం వల్లో లేఖ చెప్పడం లేదు. రైతుల విధేయత నా కల్పన. ఇంగ్లీషు ‘రిజిలియంట్’ చెప్పేది నిలదొక్కుకున్నాయని, అంతే.

చివరికి ఇలా తేలింది:

> రాగి, ఉక్కు ధరలు ఇబ్బంది పెట్టిన ఏడాదిలో కూడా మన అమ్మకాలు నిలదొక్కుకున్నాయి. కిందటేటి రూ. 412 కోట్ల నుంచి రూ. 448 కోట్లకు, అంటే 8.7 శాతం పెరిగాయి. లాభం మాత్రం రూ. 31 కోట్ల నుంచి రూ. 22 కోట్లకు తగ్గింది. దీనికి కారణాలు రెండు. ముడిసరుకు ఖర్చు పెరిగింది. అక్టోబరులో మొదలవ్వాల్సిన కొత్త ప్లాంటు ఫిబ్రవరిలో గాని మొదలుకాలేదు. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, ఆ ప్లాంటుకు మేము పెట్టుకున్న గడువు మరీ తక్కువని ఒప్పుకోవాలి. ప్లాంటు ఇప్పుడు నడుస్తోంది. రాగిని మూడు నెలలకు ధర ఖాయం చేసుకుని కొంటున్నాం. వచ్చే ఏడాది లాభం శాతం మునుపటి స్థాయికి వస్తుందన్న ఆశ ఉంది. అయితే రాగి ధర మా చేతిలో లేదు కాబట్టి తొందరపడి ఎక్కువ చెప్పను.

‘మాత్రం’ అన్న చిన్న మాట ఎంత పని చేసిందో చూడండి. ‘ఉన్నప్పటికీ’తో మొదలై మూడు లైన్లు సాగే వాక్యం బదులు, ఒక మంచి వార్త, చుక్క, ‘లాభం మాత్రం’ అని చెడు వార్త. దాచినట్టు లేదు, ఏడ్చినట్టూ లేదు.

‘జాగ్రత్తతో కూడిన ఆశావాదం’ రెండు వాక్యాలుగా విడిపోయింది. ఆశ ఒక దాంట్లో, జాగ్రత్త రెండో దాంట్లో. రాగి ధర సంగతి లేఖలో లేదు, నివేదికలోని రిస్కుల భాగం నుంచి తెచ్చాను. ఇలా బయటి నుంచి తెచ్చిన ప్రతి ముక్కనూ పసుపు రంగులో పెట్టి సెక్రటరీకి పంపాలి. అమ్మకాల, లాభాల అంకెలు కాక ఈ పేరాలో అలాంటివి నాలుగు: రాగి ఉక్కుల పేర్లు, ప్లాంటు నెలలు, కొనుగోలు పద్ధతి, చివరి వాక్యం. ఆమోదం రాకపోతే “ముడిసరుకు ధరలు” అని మామూలుగా రాసి, మిగతావి తీసేయాలి. పేరా కాస్త పలచబడుతుంది, అయినా మాటకు మాట చేసిన డ్రాఫ్టుకన్నా నయమే.

8. అంకెల దగ్గర తడబడే రెండు చోట్లు

మన కంపెనీలో అమ్మకాలపై లాభం 7.5 శాతం నుంచి 4.9 శాతానికి వచ్చింది. దీన్ని “లాభం 2.6 శాతం తగ్గింది” అని రాస్తే తప్పు. లాభం తగ్గింది 29 శాతం. రెండు కొసలూ చెప్పేయడమే మేలు: “100 రూపాయల అమ్మకానికి ఏడున్నర రూపాయలు మిగిలేది, ఇప్పుడు ఐదు రూపాయలకు కాస్త తక్కువ మిగులుతోంది.”

రెండోది డివిడెండ్ శాతం. 10 రూపాయల ముఖవిలువ మీద 2 రూపాయలంటే ఇంగ్లీషులో ‘20 శాతం’ అని ఉంటుంది. షేరును బజారులో 150 పెట్టి కొన్నవాడు 30 రూపాయలు వస్తాయని లెక్కేసుకుంటాడు. లేఖలో రూపాయల్లోనే చెప్పండి, శాతాన్ని బోర్డు రిపోర్టుకు వదిలేయండి.

9. చెన్నైలో కూర్చుని రాస్తే వచ్చే తప్పులు

ఇక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు బాగానే రాస్తారు, కానీ తమిళం చెవిలో ఉంటుంది. తమిళంలో ‘అవసరం’ అంటే తొందర, తెలుగులో కావలసినది. ఒక డ్రాఫ్టులో “అవసరంగా విస్తరించబోము” అని చూశాను. రాసినాయన ఉద్దేశం తొందరపడి విస్తరించం అని. చదివేవాడికి అర్థం కాదు. ‘నడవడిక్కై’ అంటే తమిళంలో చర్య, తెలుగు నడవడిక అంటే ప్రవర్తన. “తగిన నడవడిక తీసుకున్నాం” అని రాస్తే నెల్లూరులో నవ్వుతారు. బెంగళూరు నుంచి వచ్చే డ్రాఫ్టుల్లోనూ ‘అవసరం’తో ఇదే తంటా, కన్నడంలో ‘అవసర’ అన్నా తొందరే.

మందు ఒక్కటే. ఆంధ్ర వైపు ఉండే మనిషి ఒకరు చివరి కాపీ చదవాలి. ఇంగ్లీషు చూడకుండా చదవాలి.

10. మొదలు, ముగింపు, చివరి చూపు

పిలుపుకు “గౌరవనీయులైన ప్రియమైన వాటాదారులారా” అక్కర్లేదు. “వాటాదారులకు నమస్కారం” చాలు. సంతకం పైన ‘భవదీయుడు’ బదులు ‘నమస్కారాలతో’. ఇవి చిన్నవే, ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు.

పంపే ముందు లేఖను గట్టిగా చదవండి, లేదా ఎవరి చేతైనా చదివించి వినండి. ఊపిరి ఆడని చోట వాక్యం విరవండి. తర్వాత ఈ జాబితా:

- తప్పు ఒప్పుకున్న వాక్యంలో ‘మేము’ ఉందా?
- ‘బడు’ అని వెతికితే ఎన్ని దొరికాయి? ప్రతిదానికీ కారణం ఉందా?
- ఇంగ్లీషులో ఆశ అన్నచోట తెలుగులో హామీ పడిందా?
- ‘సిఫార్సు’ కాస్తా ‘ప్రకటన’ అయిందా?
- పసుపు రంగు ముక్కలన్నిటికీ రాతలో ఆమోదం వచ్చిందా?
- అంకెలు జాబితాతో సరిపోయాయా?
- రెండింటి మధ్య తేడా వస్తే ఇంగ్లీషు ప్రతిదే చెల్లుబాటు అన్న లైను క్లయింటు కోరితే చేర్చారా?

డిజైనర్ దగ్గరికి వెళ్లాక ఇంకో గండం ఉంది. ఇన్‌డిజైన్‌లో పేజీ పెడితే `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకున్నారో లేదో అడగండి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. పీడీఎఫ్ వచ్చాక మళ్లీ మొత్తం చదవాలి. సాధారణంగా అప్పుడే “రెండు లైన్లు ఎక్కువయ్యాయి, తగ్గించండి” అన్న కబురు వస్తుంది. మీరు లేని సమయంలో వాళ్లే కోసేస్తే ముందు పోయేది ‘మా అంచనా’, ‘అన్న ఆశ ఉంది’ లాంటి తోకలు, ఎందుకంటే అవి లైను చివర ఉంటాయి. కాబట్టి కోయాల్సిన లైన్లు ఏవో మీరే ముందుగా గుర్తుపెట్టి ఫైల్‌తో పాటు పంపండి. నేనైతే కృతజ్ఞతల పేరాలో బ్యాంకర్లు, సరఫరాదారుల చుట్టూ ఉన్న విశేషణాలు చూపిస్తాను.